"వంద లేదుగా" అనే మాట మానేద్దాం

ఇంట్లో ఎవరైనా ఒంట్లో బాగోలేదంటే ముందు నుదుటి మీద చెయ్యి పెడతాం, తర్వాత థర్మామీటర్ పెడతాం. వంద దాటితే జ్వరం. దాటకపోతే ఏమీ లేదు, కాస్త నీరసం, పడుకుంటే అదే పోతుంది. స్కూలుకెళ్ళే పిల్లల దగ్గర, మనలాంటి నడివయసు వాళ్ళ దగ్గర ఈ లెక్క చాలావరకు పనికొస్తుంది. డెబ్బై దాటిన అత్తగారి దగ్గర, ఎనభైలో పడ్డ నాన్నగారి దగ్గర కూడా ఇదే లెక్క వాడుతున్నామే, దాని మీదే నా గొడవంతా.

పెద్దవయసులో ఊపిరితిత్తుల్లో న్యుమోనియా ఉండొచ్చు, మూత్రం దారిలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కుతూ ఉండొచ్చు, అయినా థర్మామీటర్ 99 దగ్గరే ఆగిపోవచ్చు. ఇదేదో వెయ్యిమందిలో ఒకరికి జరిగే వింత కాదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్న వృద్ధుల్లో 100కి 20 నుంచి 30 మందికి జ్వరం సరిగ్గా రాదు, లేదా అసలు రాదు అని వృద్ధుల వైద్యం పుస్తకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అంటే మనం "వంద లేదుగా" అని నిశ్చింతగా దుప్పటి కప్పి వచ్చేసే వాళ్ళలో నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్ళు ఉంటారన్నమాట.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే వంద మీద మనకున్న భక్తి కొంచెం తగ్గుతుంది. జ్వరం రోగం కాదండీ, రోగానికి మన శరీరం ఇచ్చే జవాబు. క్రిమి లోపలికి రాగానే తెల్లరక్తకణాలు కొన్ని రసాయనాలను వదులుతాయి. అవి మెదడులో హైపోథాలమస్ అనే చోటికి కబురు మోస్తాయి. ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. కబురు అందగానే అది "ఇప్పుడు 102 కావాలి" అంటుంది. వెంటనే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడిని బయటికి పోనివ్వవు, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. చలిజ్వరం అంటాం చూడండి, ఆ వణుకు ఇదే.

వయసు మీద పడ్డాక ఈ వరసలో ప్రతి మెట్టూ సడలుతుంది. కబురు పంపే కణాల జోరు తగ్గుతుంది, కబురు అందుకునే చోటు మందగిస్తుంది, వణికి వేడి పుట్టించడానికి కండ మిగలదు. దానికి తోడు చాలామంది పెద్దవాళ్ళకి మామూలు రోజుల్లోనే ఒంటి వేడి మనకంటే తక్కువ. 98.6 అనే అంకె 1868లో జర్మనీ వైద్యుడు వుండర్లిష్ పుస్తకంతో లోకమంతా స్థిరపడింది. అది ఎంతోమందిని కలిపి కట్టిన సగటు. మీ అత్తగారి ఒంటికి వేసిన కొలత కాదు. ఆవిడ మామూలు 97.2 అయితే, 99.4 దగ్గర ఆవిడ శరీరం అప్పటికే రెండు డిగ్రీలు పైకెక్కి పోరాడుతోంది. మనకి మాత్రం అది "వంద కూడా లేదు"గా కనిపిస్తుంది.

కరోనా రోజులు ఈ వంద పిచ్చిని మనలో మరీ పెంచాయి. బీసెంట్ రోడ్డులో ఏ కొట్టు మెట్టెక్కినా నుదుటికి తుపాకీలాంటి థర్మామీటర్ గురిపెట్టి, పచ్చలైటు వెలిగితే లోపలికి పంపేవారు. 2021లో రెండో వేవ్‌లో మన రాష్ట్రంలో ఇంటింటికీ ఫీవర్ సర్వే జరిగింది. ఆ ఎండల్లో, ఆ భయంలో గడపగడపకీ తిరిగిన ఆశా కార్యకర్తలకీ ఏఎన్ఎంలకీ దణ్ణం పెట్టాలి, వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ సర్వే పేరులోనే జ్వరం ఉంది. "జ్వరం లేకపోతే జబ్బు లేదు" అనే పాఠం మన బుర్రల్లో అలా గట్టిగా దిగిపోయింది. 2020లో అమెరికాలో ఏడు ఆసుపత్రుల ఎమర్జెన్సీలకి వచ్చిన 817 మంది వృద్ధ కరోనా రోగులను పరిశీలిస్తే, 28 శాతం మంది వచ్చేసరికే మనసు అయోమయంలో ఉన్నారు. అలా అయోమయంలో ఉన్నవాళ్ళలో 37 శాతం మందికి జ్వరం, ఆయాసం లాంటి మామూలు కరోనా లక్షణాలే లేవు. వాళ్ళ గడప దగ్గరికెళ్ళి "జ్వరం ఉందా?" అని అడిగితే వచ్చే జవాబు "లేదు" అనే కదా!

ఇక్కడ రెండో దోషి గురించి చెప్పాలి. వంద ఒకటి, "చాదస్తం" రెండోది. పెద్దావిడ పొద్దున్నుంచి పొంతన లేకుండా మాట్లాడితే చాదస్తం అంటాం. కొడుకుని చనిపోయిన తమ్ముడి పేరుతో పిలిస్తే వయసు అంటాం. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటే అలిగింది అంటాం. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ళు పట్టి మెల్లగా వస్తుంది. మొన్నటిదాకా పాలవాడి లెక్క నోటితో చెప్పిన మనిషి ఇవాళ పగలో రాత్రో తెలియకుండా ఉంటే అది వయసు పని కాదు. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వచ్చి, ఒకసారి తేరుకుని మళ్ళీ మునిగిపోయే ఈ అయోమయాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. ఒంట్లో ఎక్కడో ఏదో పాడైందని మెదడు ఇచ్చే కేక అది. అరిచి గోలచేసే వాళ్ళని ఎలాగూ చూస్తాం. నోరు మూసుకుని మగతగా పడుండే వాళ్ళనే "పాపం, పడుకున్నారులే" అని వదిలేస్తాం.

మా వారి మేనత్తగారి సంగతి చెబితే ఇదంతా ఎలా జరుగుతుందో తెలుస్తుంది. ఆవిడకి 79. ఉయ్యూరు దగ్గర పల్లెలో కొడుకు కోడలితో ఉంటారు. ఒక శ్రావణమాసం మంగళవారం పొద్దున కాఫీ సగం వదిలేశారు. కాఫీ వదిలే మనిషి కాదు. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని చాలన్నారు. బుధవారం బాత్‌రూం దగ్గర జారి కూలబడ్డారు, దెబ్బేమీ తగల్లేదు. సాయంత్రం కొడుకుని పోయిన తమ్ముడి పేరుతో పిలిచారు. థర్మామీటర్ నాలుక కింద పెడితే 99.1. దగ్గు లేదు. ఊళ్ళో చూసినతను "జ్వరం లేదమ్మా, నీరసం" అని బలానికి మాత్రలిచ్చాడు.

కోడలికి మాత్రం మనసు ఒప్పుకోలేదు. "అత్తయ్య అత్తయ్యలా లేదు" అని ఇంట్లో చెబితే, "వంద లేదుగా, నువ్వూరికే కంగారుపడతావ్" అన్నారు. గురువారం పొద్దున నాకు ఫోన్ చేసి, "అక్కా, మళ్ళీ చూశాను, 99.4 ఉంది, ఇది జ్వరమా కాదా?" అంది. మామూలు రోజుల్లో ఆవిడకెంత ఉంటుందో తెలుసా అని అడిగాను. తెలుసు! అంతకుముందు నెలలో ఆవిడకి కంటి ఆపరేషన్ అయితే పది రోజులు టెంపరేచర్ చూసి రాసిన కాగితం ఈ పిల్ల దాచిపెట్టింది. పొద్దునపూట ఎప్పుడూ 97, 97.3 మధ్యలోనే. అంటే ఇప్పుడు రెండు డిగ్రీలకి పైగా పెరిగినట్టు. అదీ మోకాళ్ళ నొప్పులకి రెండుపూటలా పారాసిటమాల్ వేసుకుంటున్న మనిషికి! జ్వరాన్ని దించే మాత్ర కడుపులో ఉండగానే 99.4 వచ్చిందన్నమాట.

తర్వాత ఆ అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ గమనించకుండా, గుండెల మీది దుప్పటి ఎన్నిసార్లు లేస్తోందో గడియారం పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టింది. 28. ఇంట్లో ఉన్న మిషన్‌తో చూస్తే బీపీ పైఅంకె 102. మాత్రలు వేసుకున్నా 140కి తగ్గని మనిషికి 102! ఇక ఎవరి మాటా వినలేదు, కారు మాట్లాడి విజయవాడ తీసుకొచ్చేసింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా, ఆక్సిజన్ 90. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మాటల్లో తేడా పూర్తిగా పోవడానికి ఇంకో వారం పట్టింది. ఆ మొత్తం జబ్బులో ఆవిడ ఒళ్ళు చూపించిన అత్యధిక వేడి ఎంతో తెలుసా? 99.8. మన లెక్క ప్రకారం ఆవిడకి ఒక్కరోజు కూడా జ్వరం రాలేదు.

మరి పెద్దవాళ్ళకి ఏ లెక్క? ఉందండీ, నేను కల్పించేది కాదు. అమెరికాలో అంటువ్యాధుల వైద్యుల సంఘం 2008లో, వృద్ధాశ్రమాల్లాంటి చోట్ల ఉండే పెద్దవాళ్ళ కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. నోట్లో పెట్టి చూసినప్పుడు ఒక్కసారైనా 100 దాటితే జ్వరం కిందే లెక్క. మళ్ళీ మళ్ళీ చూసినప్పుడు 99 దాటుతూ ఉంటే అదీ జ్వరమే. ఆ మనిషి మామూలు కంటే 2 డిగ్రీలకి మించి పెరిగితే, అంకె ఎంతైనా సరే, అదీ జ్వరమే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇన్ఫెక్షన్ ఉందేమో చూడమని అందులో చెప్పారు. ఊపిరి నిమిషానికి 25 అంతకుమించి ఉంటే న్యుమోనియాని అనుమానించమనీ చెప్పారు. అది వృద్ధాశ్రమాల కోసం రాసినదే అయినా, ఇంట్లో మంచాన ఉన్న మన పెద్దవాళ్ళ శరీరాలేమీ వేరే కాదు.

ఎందుకు తగ్గించారంటే, 101 దాటితేనే జ్వరం అనుకుంటే నర్సింగ్ హోముల్లో ఇన్ఫెక్షన్ ఉన్న వృద్ధుల్లో సగం మంది కూడా పట్టుబడలేదు. గీతని 100కి దించితే 100కి 70 మంది దాకా దొరికారు. దించినా మిగతా 30 మంది దొరకలేదు చూడండి! అందుకే అంకె ఉంటే అనుమానించాలి, అంకె లేదని మాత్రం నిశ్చింతగా ఉండకూడదు. ఇంకో సంగతి, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో కొందరికి వేడి పెరగకపోగా పడిపోతుంది. మామూలు కంటే బాగా దిగి 96.8 కంటే తక్కువ చూపిస్తూ, మనిషి మగతగా, చల్లగా ఉంటే అది జ్వరం కంటే ఎక్కువ ప్రమాదం.

ఇక్కడ నన్ను ఒక ప్రశ్న అడుగుతారు, నాకు తెలుసు. "99 వచ్చిన ప్రతిసారీ ముసలాళ్ళని మోసుకుని సూర్యారావుపేట ఆసుపత్రుల చుట్టూ తిరగమంటావా? మే నెలలో మన విజయవాడలో గోడలే 99 ఉంటాయి!" న్యాయమైన ప్రశ్నే. గీత దించితే ఉత్తుత్తి హెచ్చరికలు పెరుగుతాయి. ఎండలో వచ్చి కూర్చున్నా, అప్పుడే వేడి కాఫీ తాగినా అంకె పెరుగుతుంది. సాయంత్రం పూట ఎవరికైనా పొద్దున కంటే అర డిగ్రీ, ఒక డిగ్రీ ఎక్కువే. అందుకే ఒక్క 99ని చూసి పరిగెత్తమని నేను అనను. ఫ్యాను కింద అరగంట కూర్చోబెట్టి మళ్ళీ చూడమంటాను. ఆ అంకె పక్కన మనిషిలో ఇంకో మార్పు ఉందా అని చూడమంటాను. తిండి మానేయడం, కొత్తగా పడిపోవడం, మాటలో తేడా, మగత, కొత్తగా పక్క తడిపేయడం, ఊపిరి వేగం, బీపీ పడిపోవడం. 99 దాటిన అంకె మళ్ళీ మళ్ళీ వచ్చి, దానికి తోడు ఇందులో ఒక్కటి ఉన్నా అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఊపిరి 25 దాటినా, బీపీ పైఅంకె 100 దగ్గరికి పడిపోయినా, లేపితే సరిగ్గా లేవకపోయినా రేపటిదాకా ఆగే పని లేదు, 108కి ఫోన్ చేయాలి. ఈ మూడింటికీ థర్మామీటర్ ఏం చెప్పిందన్నది లెక్కలోకే రాదు.

రెండో అభ్యంతరం, "అయితే ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ ఒక కోర్సు వేసేస్తే పోతుందిగా" అనేది. ఇది మరీ అన్యాయం. ఏ ఇన్ఫెక్షనో తెలియకుండా మందుల షాపులో మూడు మాత్రలు కొని వేస్తే, అసలు జబ్బు సగం దాక్కుంటుంది, పరీక్షల్లో క్రిమి దొరకదు. అయోమయంగా ఉన్న ప్రతి పెద్దావిడకీ మూత్రపరీక్ష చేయించి, అందులో క్రిములున్నాయి కాబట్టి అదే కారణం అనుకోవడం కూడా పొరపాటే. పెద్దవయసు ఆడవాళ్ళలో చాలామందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములు ఉంటాయి. ఒంట్లో ఉప్పు తగ్గినా, షుగరు పడిపోయినా, కొత్త మాత్ర పడకపోయినా ఇదే అయోమయం వస్తుంది. గీత దించుకోమనేది త్వరగా చూపించడానికి, మనమే వైద్యం మొదలుపెట్టడానికి కాదు.

చేయాల్సింది చాలా చిన్న పని. పెద్దవాళ్ళు బాగున్న రోజుల్లోనే మూడు రోజులపాటు పొద్దునా సాయంత్రం టెంపరేచర్ చూడండి. కాఫీ తాగాక ఇరవై నిమిషాలు ఆగి, నాలుక కింద పెట్టి, నోరు మూయించి చూడాలి. నోరు మూయలేని వాళ్ళకి చంకలో పెట్టండి, కానీ చంకలో అంకె నోటి కంటే తక్కువ వస్తుంది కాబట్టి ఎప్పుడూ చంకలోనే చూసి దాంతోనే పోల్చండి. అదే థర్మామీటర్, అదే చోటు, అదే వేళ. వచ్చిన అంకెల్ని వంటింట్లో గోడ క్యాలెండర్ వెనక పేరుతో సహా రాసిపెట్టండి. దాని కిందే మామూలు బీపీ, కూర్చున్నప్పుడు నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లో కూడా రాయండి. నొప్పులకి పారాసిటమాల్, ఆయాసానికో కీళ్ళకో స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే అదీ రాయండి, రెండూ జ్వరాన్ని అణచిపెట్టేవే. ఒంట్లో బాగోలేదన్న రోజున మాత్ర వేయకముందే టెంపరేచర్ చూడాలి, వేశాక నాలుగైదు గంటలు ఆ అంకెని నమ్మలేం.

అప్పుడు డాక్టరు ముందు మన మాట కూడా మారుతుంది. "జ్వరమేమీ లేదండీ, కొంచెం నీరసం" అని మన నోటితోనే తేల్చేయం. "మామూలుగా 97.2 ఉంటుందండీ, నిన్నటినుంచి రెండుసార్లు 99 దాటింది, మంగళవారం నుంచి తిండి లేదు, మాటలో తేడా ఉంది, ఊపిరి 28" అంటాం. మొదటి మాటకి బలం మాత్రలొస్తాయి, రెండో మాటకి డాక్టరు స్టెతస్కోపు తీస్తాడు.

తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఒక మాటతో ముగిస్తాను. మన భాషలో జ్వరం వేరు, నలత వేరు. "జ్వరం లేదు కానీ ఒంట్లో నలతగా ఉందే" అని మన అమ్మమ్మలు అనేవారు. అంకెకి అందని అస్వస్థతకి పేరు పెట్టుకున్న భాష మనది. ఆ మాటని నేడు థర్మామీటర్ చూపించి కొట్టిపారేస్తున్నాం. నలతగా ఉందన్న మనిషినీ, "అత్తయ్య అత్తయ్యలా లేదు" అన్న కోడలినీ "వంద లేదుగా" అని నోరుమూయించడం ఇకనైనా ఆపండి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ మనిషికి అన్నం పెట్టి, మంచం సర్ది, మాట్లాడే వాళ్ళకే తేడా ముందు తెలుస్తుంది. వంద మన గీత. వాళ్ళ గీత క్యాలెండర్ వెనక రాసి ఉండాలి.